నైట్ డ్యూటీ చేసుకుంట పగలు ఏం పెట్టాలె: దోశ పిండా, పెరటి కోళ్లా?

మాది బాదేపల్లి, డ్యూటీ పోలేపల్లి దిక్కు ఒక మందుల కంపెనీల. రాత్రి పదికి ఎక్కుతె పొద్దున ఆరుకు దిగుడు, బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతది. మా లైన్ల ఎవ్వలను కదిలించినా ఒకటే మాట, పగలంతా ఖాళీగనే ఉంటున్నం కద ఏమన్న పెట్టుకుందం అని. నేను నాలుగేండ్లల్ల రెండు పెట్టిన, ముందు కోళ్లు, తర్వాత పిండి. రెండిట్ల ఏది ఎవలికి పనికొస్తదో నాకు తెలిసినంత రాస్తున్న.

ముందు ఈ ఖాళీ అనే మాట సంగతి చూద్దాం. ఎనిమిదింటికి పడుకుంటె ఒంటిగంటకో రెండింటికో మెలకువ వస్తది, పగటి నిద్ర రాత్రి నిద్ర లెక్క పట్టదు, ఎండ, కూరగాయల బండి మైకు, పక్కింటోళ్ల టీవీ, ఏదో ఒకటి లేపుతది. రెండు నుంచి ఏడు దాక ఐదు గంటలు చేతిల ఉన్నట్టే కనపడతయి కాని దాంట్ల ఒళ్లు సహకరించేది రెండున్నర, మూడు గంటలే. మిగిలిన టైంల కూసున్న కాడనే కండ్లు మూతపడుతయి. అందుకే లాభం ఎంత అని అడిగే ముందు రెండు ప్రశ్నలు అడగాలె. నేను పండుకున్నప్పుడు, డ్యూటీల ఉన్నప్పుడు ఈ పనిల ఏం చెడిపోతది? ఒక్కరోజు లేవలేకపోతె ఎంత నష్టం?

ఈ రెండు ప్రశ్నలు పెడితె సగం ఐడియాలు అక్కడ్నే పోతయి. బర్రెను తీసుకోండి, పాలు పొద్దున ఐదుకు, సాయంత్రం ఐదుకు పిండాలె, పొద్దున ఐదుకు మీరు కంపెనీల ఉంటరు, అంటే బర్రె మీది కాదు మీ ఇంటామెది, పని ఆమె మీద పడుతది. జిరాక్స్ షాపు, కిరాణం అంటే పొద్దంత కూసోవాలె, గిరాకీ లేకున్నా కూసోవాలె, నిద్ర మొత్తం పోతది. బైక్ ట్యాక్సీ నడుపుత అని మా తమ్ముడొకడు దిగిండు, నైట్ చేసి బండి మీద ఎక్కుతె రెండు సెకండ్లు కన్ను మలిగినా మన జాతీయ రహదారి మీద ఏమైతదో చెప్పే పని లేదు, దాని గురించి ఇంక రాయను.

మిగిలినయి కోళ్లు, పిండి. రెండు పనులు మన టైంకు ఎందుకు అతుకుతయంటె, కోళ్లు రాత్రి పండుకుంటయి మనం డ్యూటీల ఉంటం, పొద్దున ఏడుకు వచ్చి గూడు తలుపు తీస్తె బయటికొస్తయి, చీకటి పడంగ వాటంతట అవే గూట్లెకు చేరుతయి, తలుపేసి డ్యూటీకి పోవచ్చు. పిండికేమో బియ్యం నానుడు అనే పెద్ద పని మనం పండుకున్నప్పుడు దానంతట అదే అయితది. ఇంత వరకు బాగనే ఉంది. తేడాలు తర్వాత వస్తయి.

కోళ్ల సంగతి ముందు చెప్త, ఎందుకంటె దాంట్లనే నేను దెబ్బ తిన్న. మొదటిసారి జనవరిల ఒక్కరోజు వయసు పిల్లలు 50 తెచ్చిన, వనరాజ. ఇది రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థోళ్లు పెరట్ల పెంచుకునేందుకు తయారు చేసిన రకం, రంగురంగులుంటయి, నాటు కోడి కంటె తొందరగ బరువొస్తది. పిల్ల చౌక కద అని తెచ్చిన గాని ఒక్కరోజు పిల్లకు తన ఒంటి వేడి తనకు సరిపోదు, మొదటి వారం దాని చుట్టూ 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలె, తర్వాత వారానికో ఐదు డిగ్రీలు తగ్గించుకుంట పోవాలె. నేను రేకు గుండ్రంగ కట్టి బల్బులు పెట్టిన, పిల్లలు బల్బు కింద గుంపుగ చేరితె చలి ఎక్కువున్నట్టు, రేకు అంచుకు పోయి నోరు తెరిస్తె వేడి ఎక్కువున్నట్టు, అంతట పరుచుకోని తిరుగుతె సరిపోయినట్టు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, తెల్లారుగట్ల మూడింటికి కరెంటు పోయింది, నేను కంపెనీల, ఇంట్ల అందరు నిద్ర. పొద్దున వచ్చి చూస్తె మూలకు ఒకదాని మీద ఒకటి కుప్ప పడి కింద ఉన్నయి ఊపిరాడక సచ్చినయి, 50 కి 19 మిగిలినయి.

చలికి సచ్చినయి అనుకుంటరు గాని చలికి కుప్ప పడుతయి, కుప్ప కింద ఊపిరాడక పోతయి. నైట్ డ్యూటోనికి ఒక్కరోజు పిల్లలు వద్దు అనేది గీ ఒక్క కారణానికే, వాటికి మనిషి కావాల్సిన టైమే మనం ఇంట్ల లేని టైం. నెల దాటిన పిల్లలు తెచ్చుకోండి, రేటు మూడింతలు ఉంటది, ఉండనీయండి. తెచ్చుకునేటప్పుడు ఒక్కటి అడగాలె, కొక్కెర రోగానికి లసోటా చుక్కలు, గంబోరో టీకా వేసిన్రా అని. వేసిన్రు అంటే ఎనిమిదో వారంల ఆర్ టూ బి అనే సూది ఒక్కటి మీరు వేయించాలె. ఆ మందు సీసా ఎక్కువ కోళ్లకు సరిపోయేటట్టు వస్తది, కలిపినంక గంట, రెండు గంటల్లనే అయిపోవాలె, ఐసు ముక్కల్ల పెట్టి తేవాలె, అందుకే పక్కన కోళ్లున్నోళ్లతోని కలిసి తెచ్చుకుంటె వేస్ట్ కాదు. టీకా సాయంత్రం చల్లపడ్డంక వేయాలె, జబ్బున్న కోడికి వేయొద్దు.

ఈ సూది మర్చిపోతె ఏమైతదో పక్క బజార్ల చూసిన, వానాకాలం మొదట్ల ఒక కోడి మెడ వంకర తిరిగింది, తెల్లగ పచ్చగ పారుడు మొదలైంది, వారంల గూడు ఖాళీ. ఆ టైంల కొత్త కోడిని తెచ్చి కలుపుడు అస్సలు చేయొద్దు, సచ్చిన కోడిని పెంట మీద పారేయొద్దు, లోతుగ గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలె. వానకాలంల ఇంకోటుంటది, గూడు కింద పొట్టు తడిస్తె రక్తం పారుడు వస్తది, పొట్టు పిడికిట్ల పట్టి పిండితె ముద్ద అయితె తడి ఎక్కువున్నట్టు, అప్పుడు పొట్టు మార్చాలె లేకుంటె కొంచెం సున్నం కలిపి తిరగేయాలె.

ఇంక మన పాలమూరు ఎండలు. కోడికి చెమట పట్టది, నోరు తెరిచి రొప్పుడే దాని చల్లదనం. ఏప్రిల్, మే నెలల్ల ఒంటిగంట నుంచి నాలుగు దాక ఎండదెబ్బ తగులుతది, మనం కరెక్టుగ గప్పుడే నిద్రల ఉంటం. దానికి నేను చేసేది, పొద్దున ఏడుకే కుండల నీళ్లు నింపి నీడకు పెడుత, మట్టి తొట్లు రెండు, గూడు రేకుల మీద గోనె సంచులు తడిపి పరుస్త, వేప చెట్టు కింద ఉంటె ఇంకా మంచిది. దాణా పొద్దున ఏడుకు, సాయంత్రం ఆరుకు రెండు పూటలే, మధ్యాహ్నం తింటె ఒంట్ల వేడి ఇంకా పెరుగుతది. అంటే మధ్యాహ్నం లేవాల్సిన పని లేకుంట చేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం చూసుకోండి, పడుకునే రూంకు గూడు దూరంగ ఉండాలె, పుంజులు పది గంటలకు గూడ కూస్తయి.

పైసల లెక్క చెప్త, ఇది మా దగ్గర మేం కొన్న, అమ్మిన రేటు, మీ ఊర్ల రేటు పెట్టి మీరు మళ్లీ చూసుకోండి. నెల పిల్లలు 50, ఒక్కోటి 100 కు, 5,000. పెరట్ల తిరిగి పురుగు, గడ్డి ఏరుకుంటయి కాబట్టి పైనుంచి రోజుకు కోడికి 50 గ్రాములు నూకలు, తవుడు, మక్కలు కలిపి ఇస్తె సరిపోతది, రోజుకు రెండున్నర కిలోలు, నాలుగు నెలలకు 300 కిలోలు, కిలో 30 లెక్కన 9,000. మందులు, టీకాలు 500. మొత్తం 14,500. పిల్లి, ముంగిస, కుక్క, రోగం అన్నీ పోంగ 42 మిగులుతయి, సగటున కిలో ఆరువందల గ్రాములు, 67 కిలోలు అయితయి, కిలో 350 కి పోతె దగ్గరదగ్గర 23,500. అసలు నాటు కోడికి ఇంకా ఎక్కువ పలుకుతది గాని వనరాజను నాటు అని చెప్పి అమ్మితె తెలిసినోళ్లు రెండోసారి రారు. నాలుగు నెలల్ల 9,000 మిగిలింది, గూడుకు పెట్టిన 12,000 పక్కకు పెడితె. నెలకు 2,250. తక్కువ అనిపిస్తది, కాని రోజుకు పని నలభై నిమిషాలే, పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. గంటకు లెక్క కడితె 110 చిల్లర పడుతది, ఈ అంకె గుర్తు పెట్టుకోండి, మళ్లొస్తం.

అమ్మే టైం గూడ చూసుకోవాలె. శ్రావణంల, కార్తీకంల గిరాకీ పడిపోతది, బోనాలకు, దసరకు ఎక్కుతది. దసరకు కావాలంటె మే చివర్ల, జూన్ల పిల్లలు రావాలె, అవి వానల మధ్యల పెరుగుతయి, అంటే పొట్టు తడి, పారుడు భయం ఎక్కువ. బోనాలకు కావాలంటె ఫిబ్రవరి, మార్చిల తేవాలె, అప్పుడు పెరిగే కాలం మొత్తం ఎండల పోతది. రెండిట్ల నాకైతె ఎండే నయం, ఎండను నీళ్లతోని, నీడతోని ఆపొచ్చు, తడి గూట్ల వచ్చే రోగాన్ని ఆపలేం.

ఇప్పుడు పిండి. పోయిన ఏడాది నన్ను పర్మనెంట్ నైట్ కు మార్చిన్రు, అప్పుడు మా ఇంటామె అన్నది, ఊరంత ఇడ్లీ దోశ తింటున్రు, కలోనీల ఇద్దరు డ్యూటీలు చేసే ఇండ్లే ఎక్కువ, రుబ్బే ఓపిక ఎవలికుంది అని. మొదట ఇంటి గ్రైండర్ల రెండు కిలోలు రుబ్బి పది ఇండ్లకు పదిహేను రోజులు ఇచ్చి చూసినం, ఆరిండ్లోళ్లు మళ్లీ అడిగిన్రు, అప్పుడే పది లీటర్ల వంచే గ్రైండర్ పాతది 14,000 పెట్టి కొన్నం. ఈ పదిహేను రోజుల పరీక్ష చేయకుంట పెద్ద గ్రైండర్ కొనొద్దు, నేను ఎంత మొత్తుకున్నా కొనేటోళ్లు కొంటరనుకోండి.

ఏడున్నరకు ఇంటికొచ్చి టీ తాగంగనే దొడ్డు బియ్యం ఆరు కిలోలు కడిగి నానేస్త, మినపగుండ్లు రెండు కిలోలు వేరే గిన్నెల. ఇక్కడ ఒక తిరకాసుంది. నేను రెండింటికి లేస్త, అంటే ఆరు గంటల పైన నానుతది, బియ్యానికి ఏం కాదు, మినుములకు అయితది, ఎండకాలంల మినుములు మూడు నాలుగు గంటలు దాటి నానితె జిగురొచ్చి వాసన పడుతయి, రుబ్బినా పిండి పొంగది. అందుకే మినుములు నీళ్లతో సహా ఫ్రిజ్ల పెడుతం. చల్లగ ఉన్న పప్పు గ్రైండర్ రాయి వేడికి తొందరగ వేడెక్కది గూడ, పిండి మెత్తగ, తేలిగ్గ పొంగుతది. మినపపిండి అయిందా లేదా అనేది గిన్నెల నీళ్లు పోసి చుక్క వేస్తె తెలుస్తది, తేలితె అయినట్టు, మునిగితె ఇంకా తిప్పాలె. మినుములు ఒక వాయి, బియ్యం రెండు వాయిలు, గంటన్నర దాటుతది. నీళ్లు మాత్రం ఫిల్టర్ నీళ్లే వాడండి, మన నల్లగొండ, పాలమూరు బోరు నీళ్లల్ల చాలా కాడ ఫ్లోరైడ్ ఉంటది, కాగబెట్టినా అది పోదు, పిండిల పోసిన నీళ్లు జనం కడుపులకే పోతయి.

నాలుగున్నరకు కవర్లల్ల నింపుడు, ఐదు నుంచి ఏడు దాక ఇంటి ముందే అమ్ముడు. ఇది రుబ్బి అప్పుడే అమ్మే పిండి, పులియబెట్టింది కాదు, కొన్నోళ్లు ఇంట్ల రాత్రి బయట పెట్టుకుంటె తెల్లారేసరికి పొంగుతది. ఎండకాలంల ఐదారు గంటల్లనే పొంగుతది, అందుకే కవరుకు పైన నాలుగు వేళ్ల జాగ విడిచిపెట్టాలె, నిండుగ కట్టి ఒక షాపుల పెట్టినం, ఫ్రిజ్ల జాగ లేదని వాళ్లు బయట ఉంచిన్రు, తెల్లారి ఉబ్బి పగిలి షాపంత పిండి. డిసెంబర్ల దీనికి ఉల్టా, పొంగలేదు అని వాపస్ తెస్తరు, గోరువెచ్చటి కాడ, స్టవ్ పక్కకు పెట్టుకోమని ముందే చెప్పాలె.

లెక్క చూడండి. బియ్యం ఆరు కిలోలు 45 లెక్కన 270, మినుములు రెండు కిలోలు 130 లెక్కన 260, మెంతులు, ఉప్పు 10, కవర్లు 40, కరెంటు, నీళ్లు 20. మొత్తం 600. ఎనిమిది కిలోల గింజకు 18 కిలోల పిండి వస్తది, కిలో 60, రోజుకు రెండు కిలోలు మిగులుతయనే లెక్కేసుకోవాలె, మొదట్ల నేను అది వేసుకోలే, పదహారు కిలోలకు 960. మిగిలేది 360, నెలకు 25 రోజులు అనుకుంటె 9,000. కడుగుడు, రుబ్బుడు, నింపుడు కలిపి నా పని రోజుకు మూడు గంటలు. అంటే గంటకు 120.

ఇక్కడ ఆగి చూడండి, కోళ్లు గంటకు 110, పిండి గంటకు 120. గంట లెక్కల రెండు ఒకటే. పిండిల నెలకు నాలుగింతలు ఎందుకొస్తున్నయంటె నాలుగింతలు ఎక్కువ టైం పెడుతున్నం కాబట్టి, అంతే. వీడియోలల్ల నెలకు ఇంత అంటరు గాని ఎన్ని గంటలకు అనేది చెప్పరు.

అయితె గంట రేటు ఒకటే అయినా ఆ గంటలు ఒకటి కాదు. కోళ్ల దాణా ఏడుకు వేయాల్సింది ఎనిమిదికి వేసినా కోడి ఏమనది, ఆదివారం ఊరికి పోతె పక్కింటి పిలగానికి చెప్పి పోవచ్చు. పిండి అట్ల కాదు, సాయంత్రం ఐదుకు గిన్నె పట్టుకొని వచ్చినామె రెండుసార్లు ఖాళీ చేతులతోని పోతె మూడోసారి రాదు. ఇంకోటి, గ్రైండర్ రాళ్లు కడుగుడు నిద్ర చాలని ఒంటికి మస్తు కష్టం, నడుము పట్టేస్తది, నేను ఎన్నోసార్లు రుబ్బినంక అట్లనే కూసుండిపోయిన. అమ్ముడు ఇంటామె చూస్తది కాబట్టి నేను ఏడున్నరకు ముప్పావు గంట మళ్లీ కన్ను మూసి తొమ్మిదికి బస్సెక్కుత, ఆ చిన్న నిద్ర లేకుంటె రాత్రి మూడు నుంచి ఐదు దాక మిషను ముందు నిలబడుడు నా వల్ల కాదు. పిండి వల్ల ఆ నిద్ర పోయేటట్టుంటె ఎనిమిది కిలోలు కాదు ఐదు కిలోలే రుబ్బండి.

అసలు తేల్చేది మాత్రం షిఫ్ట్ కార్డు. మీది వారం వారం మారే షిఫ్ట్ అయితె, పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు, అప్పుడు రెండు నుంచి పది వారంల పిండి పూర్తిగ బంద్, రుబ్బే టైమూ అమ్మే టైమూ రెండు డ్యూటీల్నే పోతయి. మూడు వారాలకొకసారి వారం రోజులు బంద్ పెట్టే పిండి కొట్టు నడవదు. ఇంట్ల రుబ్బేటోళ్లు వేరే ఉంటె అది వాళ్ల వ్యాపారం, లెక్క గూడ వాళ్ల పేరు మీదనే రాయండి. మారే షిఫ్టోళ్లకు కోళ్లే, గూడు తలుపు తీసుడు, మూసుడు ఇంట్ల ఎవలైనా చేస్తరు. పర్మనెంట్ నైట్ అయి, ఊరు కాదు టౌన్ల ఉండి, ఇంట్ల అమ్మే మనిషి ఒకరుంటె పిండి. టౌన్ల కిరాయి ఇంట్ల ఉండి పెరడు లేకుంటె కోళ్ల మాటే లేదు, ఓనరు రెండో రోజే లొల్లి పెడ్తడు. పల్లెల ఉండి చుట్టూ నలభై ఇండ్లే ఉంటె పిండి మాట లేదు, ఎవలింట్ల వాళ్లు రుబ్బుకుంటరు.

పిండి పెడితె ఫాస్కాస్ అనే సర్కారు సైటుల ఫుడ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయల ఫీజు నేను కట్టిన, నంబర్ వచ్చినంక కవరు మీద ఆ నంబర్, బరువు, రుబ్బిన తారీఖు ఉండాలె, షాపోళ్లు గూడ అది చూసే తీసుకుంటరు. పర్మనెంట్ ఉద్యోగులైతె అపాయింట్‌మెంట్ లెటర్ల వేరే వ్యాపారం చేయొద్దు అనే లైను ఉందో లేదో ఒకసారి చదువుకోండి.

మా లైన్ల మారే షిఫ్ట్ చేసే అన్న ఒకాయన నా పాత గూడు తీసుకపోయిండు, నాలుగు వేలకు ఇచ్చిన. ముందు పది పిల్లలతోని మొదలుపెట్టమని చెప్పిన, ఆయన ఇరవై తెచ్చిండు, ఎనిమిదో వారం సూది ఎప్పుడో క్యాలెండర్ మీద నేనే గీత గీసి ఇచ్చిన.